బిల్లు ప్లాన్ మార్చుకుంటే ఇన్నాళ్లూ మిగిలిన డేటా మనకు ఉంటుందా, పోతుందా?

నాగావళి ఒడ్డు (ఆమదాలవలస) · ఆగస్టు 2, రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. నేను నెలకు 75 జీబీ డేటా వచ్చే పోస్ట్‌పెయిడ్ ప్లాన్ వాడుతున్నాను. మిగిలిన డేటా 200 జీబీ వరకు తరువాతి నెలలకు చేరుతుందని ప్లాన్ వివరాలలో రాసి ఉంది. మార్చిలో ఇంటికి ఫైబరు కనెక్షన్ పెట్టించినప్పటి నుంచి, రోజూ శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కి విశాఖ వెళ్లి వచ్చే దారిలో తప్ప ఫోను డేటాతో నాకు పెద్దగా పని పడటం లేదు. అందువల్ల ఏప్రిల్ నుంచి జూలై వరకు వచ్చిన నాలుగు బిల్లులలో వరుసగా 30, 34, 25, 29 జీబీ మిగిలి, మొత్తం 118 జీబీ పోగుపడినట్లు యాప్‌లో కనబడుతోంది.

ఇంత మిగులుతున్నప్పుడు 75 జీబీ ప్లాన్‌కు డబ్బు కట్టడం దేనికని 40 జీబీ ప్లాన్‌కు మారుదామనుకుంటున్నాను. కంపెనీ దుకాణంలో అడిగితే "ఏమీ పోదు, అంతా అలాగే ఉంటుంది" అన్నారు. అదే రోజు కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే "ప్లాన్ మారితే పాతది రద్దవుతుంది" అన్నారు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

జీడితోట (పలాస) · ఆగస్టు 2, రాత్రి 9:42

మీరు కంగారు పడనవసరం లేదు. మనం డబ్బు కట్టి కొనుక్కున్న దానిని కంపెనీ వెనక్కి తీసుకోకూడదని ట్రాయ్ నిబంధన ఉంది. నా ప్రీపెయిడ్ నంబరులో 140 రూపాయల మెయిన్ బ్యాలెన్స్ ఉండగా ప్లాన్ మార్చాను, ఒక్క పైసా కూడా తగ్గలేదు. మీ 118 జీబీ కూడా అలాగే నిలుస్తుంది. దుకాణంలో చెప్పినదే నిజం.

చంపావతి (గజపతినగరం) · ఆగస్టు 2, రాత్రి 10:05

నాకూ ఇదే ప్రశ్న ఉంది. నాది రోజుకు 1.5 జీబీ వచ్చే ప్రీపెయిడ్. కాలేజీ ఉన్న రోజులలో 0.9 జీబీ కంటే ఎక్కువ వాడను. మిగిలిన 0.6 జీబీ ఎక్కడ పోగుపడుతోందో యాప్‌లో ఎంత వెతికినా కనబడటం లేదు. అది ఏ పేజీలో ఉంటుందో చెప్పగలరా?

పాత ఎక్స్ఛేంజి (విజయనగరం) · ఆగస్టు 3, ఉదయం 6:30

చంపావతి గారి సంగతి ముందు చెప్పి, తరువాత అసలు ప్రశ్నకు వస్తాను.

అమ్మా, మీ డేటా ఏ పేజీలోనూ ఉండదు. రోజువారీ కోటా ఉన్న ప్రీపెయిడ్ ప్లాన్లలో ఆ రోజు లెక్క అర్ధరాత్రి 12 గంటలకు మూసుకుపోతుంది, మిగిలినది అక్కడితో చెల్లిపోతుంది. దీనికి అందరికీ తెలిసిన మినహాయింపు వొడాఫోన్ ఐడియా 2020లో కొన్ని అన్‌లిమిటెడ్ ప్లాన్లకు తెచ్చిన వారాంతపు రోలోవర్. అందులో సోమవారం నుంచి శుక్రవారం వరకు మిగిలినది శని, ఆదివారాలలో వాడుకోవచ్చు. మీ లెక్కలో రోజుకు 0.6 చొప్పున ఐదు రోజులకు 3 జీబీ అవుతుంది. అది ఆదివారం అర్ధరాత్రి దాటితే ఉండదు, పై వారానికి చేరదు. మీ సిమ్ ఆ కంపెనీది కాకపోయినా, మీ ప్లాన్ వివరాలలో ఆ సదుపాయం రాసి లేకపోయినా ఈ 3 జీబీ ఆశ కూడా వదులుకోవలసిందే.

ఇక నాగావళి ఒడ్డు గారి ప్రశ్న. దుకాణంలోని మనిషి, ఫోనులోని మనిషి ఇద్దరూ సగం సగం నిజం చెప్పారు. జీడితోట గారు రెండు వేర్వేరు సంగతులను ఒకటి చేశారు. మెయిన్ బ్యాలెన్స్ అంటే డబ్బు, అది నంబరు ఖాతాలో ఉంటుంది. రోలోవర్ డేటా డబ్బు కాదు, ప్లాన్ ఇచ్చే సదుపాయం. మిగిలిన డేటాను తప్పకుండా తరువాతి నెలకు చేర్చాలని మన దేశంలో ఏ కంపెనీ మీదా నిర్బంధం లేదు. ప్లాన్‌లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

నేను బిల్లింగ్ విభాగంలో పని చేసి వచ్చినవాడిని కాబట్టి, బిల్లు తేదీ రాత్రి లోపల ఏమి జరుగుతుందో చెబితే మీకే అర్థమవుతుంది. మీ నంబరు మీద రెండు లెక్కలు నడుస్తుంటాయి. ఒకటి ఈ నెల ప్లాన్ ఇచ్చిన 75 జీబీ, రెండవది వెనకటి నెలల నుంచి వచ్చిన 118 జీబీ. బిల్లు రాత్రి మొదటి లెక్కలో ఏమి మిగిలిందో చూసి రెండవదానికి కలుపుతారు. ఆ మొత్తం ప్లాన్ పరిమితిని, అంటే మీకు 200ను, దాటితే దాటినంత కోసేస్తారు. ఆ తరువాత మొదటి లెక్కను మళ్లీ 75తో మొదలుపెడతారు.

ఇప్పుడు అదే రాత్రి ప్లాన్ కూడా మారిందనుకోండి. కొత్త ప్లాన్‌కు రోలోవర్ సదుపాయం ఉందా లేదా అన్నది వ్యవస్థ మొదట చూస్తుంది. లేకపోతే రెండవ లెక్కను సున్న చేస్తుంది. ఉంటే, కొత్త ప్లాన్ పరిమితిని పాత నిల్వకు వర్తింపజేస్తుంది. ఆ పరిమితి 200 అయితే మీ 118 నిలుస్తుంది, 100 అయితే 18 పోతుంది. అందువల్ల "మార్చుకుంటే ఉంటుందా" అని అడిగితే ఇద్దరు రెండు జవాబులు చెప్పారు. మీరు అడగవలసినది "నేను వెళ్లబోయే ఆ 40 జీబీ ప్లాన్‌కు రోలోవర్ ఉందా, ఉంటే ఎంతవరకు" అని. అది ఆ ప్లాన్ పేజీలోనే రాసి ఉంటుంది.

సెల్ పాయింట్ (రాజాం) · ఆగస్టు 3, ఉదయం 10:15

పదకొండేళ్లుగా రీచార్జి దుకాణం నడుపుతున్నవాడిగా ఒక మాట. మా దగ్గర ఉండే దుకాణదారుల యాప్‌లో మీ నంబరు కొడితే మీకు వర్తించే ప్లాన్ల జాబితా మాత్రమే వస్తుంది. మీ దగ్గర ఎంత డేటా పోగుపడిందో మాకు కనబడదు. కాబట్టి "అంతా అలాగే ఉంటుంది" అని ఎవరైనా అంటే, తెలిసి చెప్పారనుకోకండి. మా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది పోస్ట్‌పెయిడ్ నుంచి ప్రీపెయిడ్‌కు మారేవారే. వారికి మాత్రం నేను ముందుగానే చెబుతాను, మారిన క్షణం నుంచి పాత డేటా లెక్క ఉండదు, ఉన్నది వాడుకుని రండి అని.

నాగావళి ఒడ్డు (ఆమదాలవలస) · ఆగస్టు 3, మధ్యాహ్నం 1:20

పాత ఎక్స్ఛేంజి మాస్టారికి కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లు ప్లాన్ పేజీ తెరిచి చూశాను. 40 జీబీ ప్లాన్‌కు కూడా రోలోవర్ ఉంది, పరిమితి 200 అనే రాసి ఉంది. నా బిల్లు తేదీ 7. యాప్‌లో ప్లాన్ మార్చబోతే "వెంటనే" అని ఒకటి, "తదుపరి బిల్లు నుంచి" అని మరొకటి కనబడుతున్నాయి. వెంటనే అయితే నాలుగు రోజుల అద్దె తగ్గుతుంది కదా అనిపిస్తోంది. రెండింటికీ తేడా ఏమిటి?

పాత ఎక్స్ఛేంజి (విజయనగరం) · ఆగస్టు 3, రాత్రి 8:00

బాబూ, ఆ నాలుగు రోజుల అద్దె కోసం ఆశపడకండి.

నెల మధ్యలో ప్లాన్ మారిస్తే చాలాచోట్ల అద్దెను రోజుల లెక్కన విడగొడతారు. అది అందరికీ తెలుసు. డేటాను కూడా అలాగే విడగొట్టవచ్చునన్న సంగతి బిల్లు వచ్చేదాకా చాలామందికి తట్టదు. లెక్క సులువుగా ఉండడానికి 30 రోజుల బిల్లు అనుకుని, పదో రోజు ముగిశాక మీరు ప్లాన్ మార్చారనుకుందాం. పాత ప్లాన్ మీకు పది రోజులే ఉంది కాబట్టి దాని 75 జీబీలో మూడవ వంతు, అంటే 25 జీబీ మాత్రమే మీ హక్కు. మీరేమో నెలంతా ఉందికదా అని రైలులో సినిమాలు చూసి ఆ పది రోజులలో 31 జీబీ వాడారు. ఆ 6 జీబీ ఇప్పుడు అదనపు వాడకం అవుతుంది. కొన్నిచోట్ల దానిని మీ నిల్వలోంచి తగ్గిస్తారు, అది నష్టమే గాని బాధ లేదు. అలా తగ్గించకుండా డబ్బు లెక్క కడితే, కోటా దాటాక మెగాబైటుకు 2 పైసలు తీసుకునే ప్లాన్లలో 6 జీబీకి దాదాపు 123 రూపాయలు పడుతుంది. మిగతా ఇరవై రోజులకు కొత్త ప్లాన్ ఇచ్చేది కూడా 40 కాదు, అందులో మూడింట రెండు వంతులు, 27 జీబీకి కొంచెం తక్కువ.

ఇంకొక చిక్కు ఉంది. నెల మధ్యలో పాత ప్లాన్ మూసేటప్పుడు అప్పటికి మిగిలినదానిని మిగులుగా లెక్కవేసి నిల్వకు చేరుస్తారని భరోసా లేదు. మిగులు లెక్క కట్టేది బిల్లు రాత్రి పనిలోనే. బిల్లు రాత్రి కానప్పుడు మూసిన ప్లాన్‌కు ఆ పని జరగకపోవచ్చు. "తదుపరి బిల్లు నుంచి" అన్నదే ఎంచుకోండి.

వంశధార నుంచి డల్లాస్ (సొంతూరు నరసన్నపేట) · ఆగస్టు 4, ఉదయం 7:45

అమెరికాలో ఉన్నవాడిగా ఒక పోలిక చెబుతాను. ఏటీ అండ్ టీ 2015 జనవరిలో రోలోవర్ డేటా మొదలుపెట్టినప్పుడు రెండు షరతులు పెట్టింది. మిగిలిన డేటా ఒక్క నెల మాత్రమే నిలుస్తుంది, పైగా ఆ నెల ప్లాన్ డేటా పూర్తిగా అయిపోయిన తరువాతే దానిని వాడతారు. ఒక నెల మిగిల్చినవాడు మరుసటి నెలలో మొత్తం కోటా వాడేస్తే గాని పాతదాన్ని ముట్టుకోలేడు, అంతలో అది చెల్లిపోతుంది. ప్లాన్ మార్చినా అది పోతుందని అప్పటి షరతులలోనే ఉండేది. ఈ విషయం గుర్తుకు వచ్చి అడుగుతున్నాను, అక్కడ మనవాళ్లు ముందు ఏది ఖర్చు చేస్తారు? పాతదా, కొత్తదా? నాగావళి ఒడ్డు గారి విషయంలో ఆ జవాబు మీదనే అంతా ఆధారపడి ఉందని నాకు అనిపిస్తోంది.

జీడితోట (పలాస) · ఆగస్టు 4, ఉదయం 8:30

మెయిన్ బ్యాలెన్స్, డేటా ఒకటి కావని ఒప్పుకుంటున్నాను. అయినా నా మాట పూర్తిగా గాలిలోంచి రాలేదు. ఒక ప్లాన్‌లో చేరాక ఆరు నెలలదాకా మనకు నష్టం కలిగేలా దానిని మార్చకూడదని నిబంధన ఉన్నది నిజమే కదా? ఇంకా, పూర్వం నెలసరి డేటా ప్యాకులు వేసుకునే రోజులలో గడువు ముగియకముందే మళ్లీ వేస్తే పాతది కలిసేది. మా పలాసలో జీడిపప్పు వ్యాపారం మీద ఒడిశాకు తిరిగేటప్పుడు నేను అలా పోగుచేసి వాడుకునేవాడిని.

పాత ఎక్స్ఛేంజి (విజయనగరం) · ఆగస్టు 4, ఉదయం 9:40

జీడితోట గారూ, ఆరు నెలల రక్షణ నిజమే. అయితే అది కంపెనీ తనంతట తాను మీ ప్లాన్‌ను దిగజార్చకుండా ఆపడానికి ఉన్నది. మీరే కోరి ఇంకొక ప్లాన్‌కు వెళ్లినప్పుడు అది అడ్డం రాదు. గడువుకు ముందు వేస్తే పాతది కలిసే పద్ధతీ ఉండేది, నేను కాదనను. ఇప్పటి ప్రీపెయిడ్‌లో చాలావరకు రోజువారీ కోటాలే కాబట్టి కలపడానికి మిగిలేది ఏమీ ఉండదు.

డల్లాస్ బాబు అడిగినది చక్కని ప్రశ్న. ఏ కంపెనీ ఏది ముందు ఖర్చు చేస్తుందో ప్లాన్ పేజీలో సాధారణంగా రాయరు. కాని కనిపెట్టడం తేలిక. బిల్లు తేదీ మరునాడు పొద్దున్నే రెండు అంకెలూ రాసిపెట్టుకుని, వైఫై ఆపి ఒకటి రెండు జీబీ వాడి, సాయంత్రం మళ్లీ చూడండి. ఏ అంకె తగ్గితే అదే ముందు ఖర్చయ్యేది. వెంటనే చూస్తే మోసపోతారు. నెట్‌వర్కు మనకు డేటాను కొద్ది కొద్ది ముక్కలుగా ముందే కేటాయించి, ఆ ముక్క ముగిశాక లెక్క రాసుకుంటుంది. అందువల్ల యాప్‌లో అంకె కదలడానికి కొంత సమయం పడుతుంది.

నాగావళి ఒడ్డు గారి విషయంలో దీని ఫలితం చూడండి. ఆయన నెల వాడకం సుమారు 46. ప్లాన్ డేటా ముందు ఖర్చయితే, 75 జీబీ ప్లాన్‌లో ఉన్నంతకాలం ఆయన ఆ నిల్వను ఎన్నడూ ముట్టుకోరు. 118 కాదు, 200 నిండినా అది అలంకారమే. నిండిన తరువాత ప్రతి నెలా మిగిలేదంతా కోతకే పోతుంది. అదే 40 జీబీ ప్లాన్‌కు వచ్చారంటే నెలకు 6 జీబీ తక్కువ పడుతుంది, ఆ ఆరూ నిల్వలోంచి వస్తుంది, 118 జీబీ పంతొమ్మిది నెలలకు పైగా సరిపోతుంది. అంటే చిన్న ప్లాన్‌కు దిగినప్పుడే ఆ నిల్వకు విలువ వస్తుంది. చిత్రమేమిటంటే అది పోయే ప్రమాదం ఉన్నది కూడా ఆ దిగే రాత్రే.

ఇచ్ఛాపురం బస్టాండు · ఆగస్టు 4, మధ్యాహ్నం 3:05

నాది వేరే కథ. ఇక్కడ సరిహద్దులో సిగ్నల్ సరిగా లేదని 1900కు PORT సందేశం పంపి కంపెనీ మార్చాను. పాత కంపెనీలో 90 జీబీ దాకా మిగిలి ఉంది. నంబరు అదే కాబట్టి డేటా కూడా వెంట వస్తుందనుకున్నాను. రాలేదు. అదేమని అడిగితే కొత్తవారు పాతవారిని అడగమన్నారు, పాతవారు మీరు మా ఖాతాదారు కారు అన్నారు. ఇలా పోయినదానిని రాబట్టుకునే దారి ఏమైనా ఉందా?

సెల్ పాయింట్ (రాజాం) · ఆగస్టు 4, సాయంత్రం 5:50

లేదండీ. పోర్టు అయ్యేటప్పుడు వెళ్లేది నంబరు ఒక్కటే. పాత కంపెనీలో ఉన్న బ్యాలెన్సూ డేటా రెండూ అక్కడితో సరి. సిమ్ పాడై అదే కంపెనీలో కొత్త సిమ్ తీసుకుంటే మాత్రం ఏమీ పోదు, ఎందుకంటే లెక్క సిమ్‌లో ఉండదు, వారి కంప్యూటర్లలో మీ నంబరు మీద ఉంటుంది. ఈ రెండింటినీ కలిపేసుకుని మా దుకాణానికి వచ్చి గొడవపడినవారు చాలామంది ఉన్నారు.

నాగావళి ఒడ్డు (ఆమదాలవలస) · ఆగస్టు 8, రాత్రి 9:30

జరిగినది చెబుతాను. 4వ తేదీనే "తదుపరి బిల్లు నుంచి" అన్నదాన్ని ఎంచుకున్నాను. 6వ తేదీ రాత్రి పదకొండున్నరకు స్క్రీన్‌షాట్ తీశాను. ప్లాన్ డేటాలో 21 జీబీ, నిల్వలో 118 జీబీ. ఈ నెల విశాఖలో రెండు రోజులు ఉండవలసి వచ్చి 54 జీబీ వాడాను, అందుకే మిగులు తగ్గింది. మాస్టారి లెక్క ప్రకారం తెల్లవారేసరికి నిల్వ 139 కావాలి.

7వ తేదీ ఉదయం చూస్తే కొత్త ప్లాన్ 40 జీబీ వచ్చింది, నిల్వ దగ్గర సున్న కనబడింది. నిజం చెప్పాలంటే రైలులో కూర్చున్నంతసేపూ మనసు మనసులో లేదు. ఈ రోజు సాయంత్రం మళ్లీ చూస్తే నిల్వ 118 అని వచ్చింది. చివరి నెల 21 జీబీ మాత్రం ఎక్కడా లేదు. ఇది కూడా ఆలస్యంగా వస్తుందా, లేక పోయినట్టేనా?

పాత ఎక్స్ఛేంజి (విజయనగరం) · ఆగస్టు 9, ఉదయం 6:15

మొదటి రోజు సున్న చూపడం గురించి నేను ముందే హెచ్చరించవలసింది, నా పొరపాటు. బిల్లు పని ఒక్క నిమిషంలో అయ్యేది కాదు, లక్షల నంబర్లకు వంతులవారీగా జరుగుతుంది. కొత్త ప్లాన్ ముందు తెరుచుకుంటుంది, నిల్వ వెనుక వస్తుంది.

21 జీబీ సంగతి వేరు. 118 వచ్చి 21 రాలేదంటే ఆ రెండూ ఒకే దారిలో రాలేదన్నమాట. నా ఊహ ఏమిటంటే, ప్లాన్ మార్పు ఆజ్ఞ ముందు అమలై, మిగులు లెక్క తరువాత జరిగింది. అప్పటికి పాత 75 జీబీ లెక్క మూసేసి ఉండడం వల్ల "పోయిన నెల మిగులు" అన్నచోట దానికి ఏమీ దొరకలేదు. లోపలికి చూడకుండా ఇంతకంటే గట్టిగా చెప్పలేను. మరొక రోజు ఆగి, అప్పటికీ రాకపోతే ఫిర్యాదు చేయండి. ఫోనులో చెప్పి ఊరుకోకుండా డాకెట్ నంబరు తీసుకోండి. "నా డేటా పోయింది" అని కాకుండా "6వ తేదీ రాత్రి ప్లాన్ మిగులు 21, నిల్వ 118, మొత్తం 139 ఉండవలసినది 118 మాత్రమే ఉంది" అని అంకెలతో చెప్పండి. వారి జవాబు సరిగా లేకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి 30 రోజులలోగా రాయవచ్చు, దానికి రుసుము ఉండదు.

వంశధార నుంచి డల్లాస్ · ఆగస్టు 9, ఉదయం 8:10

21 జీబీ కోసం అంత శ్రమ అవసరమా అని కొందరికి అనిపించవచ్చు. దక్షిణాఫ్రికాలో మిగిలిన డేటాను తరువాతికి మళ్లించుకునే వీలు ఖాతాదారుకు ఇవ్వాలని అక్కడి నియంత్రణ సంస్థ 2019లో నిబంధన తెచ్చింది. మన దగ్గర అలాంటిది లేనప్పుడు ఉన్న ఆధారం ప్లాన్ పేజీలో రాసిన ఆ ఒక్క వాక్యమే. ఆ పేజీని కూడా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, పేజీలు మారిపోతుంటాయి.

చంపావతి (గజపతినగరం) · ఆగస్టు 9, ఉదయం 11:00

నేను వాడేది వారాంతపు సదుపాయం ఉన్న ప్లానే అని తేలింది. శనివారం ఉదయం 1.5 బదులు 4.3 జీబీ చూపింది. 4.5 కావాలి కదా, తక్కువ ఎందుకు వచ్చిందో!

పాత ఎక్స్ఛేంజి (విజయనగరం) · ఆగస్టు 9, మధ్యాహ్నం 12:20

ఏదో ఒక రోజు మీరు 0.9 బదులు 1.1 వాడి ఉంటారు, అమ్మా. కంపెనీ లెక్కను ఫోను లెక్కతో పోల్చకండి, అవి ఎప్పుడూ కొద్దిగా తేడాగానే ఉంటాయి.

నాగావళి ఒడ్డు (ఆమదాలవలస) · ఆగస్టు 21, రాత్రి 8:50

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. 10వ తేదీన డాకెట్ నంబరు తీసుకుని, రెండు స్క్రీన్‌షాట్లూ పంపాను. మొదట "ప్లాన్ మార్పు వల్ల వర్తించదు" అని సందేశం వచ్చింది. అలాంటప్పుడు 118 ఎలా వర్తించిందని తిరిగి అడిగాను. నిన్న ఫోను చేసి, 21 జీబీని జమ చేస్తున్నామన్నారు. అయితే దానిని నిల్వలో కలపలేదు. విడిగా అదనపు డేటా ప్యాకులాగా వేసి, నా తదుపరి బిల్లు తేదీ అయిన సెప్టెంబరు 7 నుంచి 30 రోజుల గడువు పెడతామని చెప్పారు. రోలోవర్ కావలసినదాన్ని గడువు ఉన్న ప్యాకుగా ఇవ్వడం న్యాయంగా ఉందా? ఒప్పుకోమంటారా, అప్పీలుకు వెళ్లమంటారా?

జీడితోట (పలాస) · ఆగస్టు 21, రాత్రి 9:15

ఒప్పుకోకండి. 30 రోజులలో పోయేదాన్ని ఇచ్చి ఇచ్చామనిపించుకుంటున్నారు. అప్పీలుకు వెళ్లండి.

పాత ఎక్స్ఛేంజి (విజయనగరం) · ఆగస్టు 22, ఉదయం 6:40

తొందరపడకుండా ఒక్క లెక్క చూద్దాం. వచ్చే నెలా మీ వాడకం 46 అనుకుందాం. ఇప్పటి 118లో ఈ నెల ఎంత తగ్గుతుందో అది ఎటూ తగ్గుతుంది కాబట్టి, సులువు కోసం 118 అలాగే ఉందనుకుందాం.

వారు సరిగా కలిపి 139 చేసి ఉంటే, ప్లాన్‌లోని 40 పోగా కావలసిన 6 నిల్వలోంచి పోయి 133 మిగిలేది. ఇప్పుడు విడి ప్యాకుగా ఇచ్చిన 21 జీబీ ముందుగా ఖర్చయితే ఏమవుతుంది? 46లో 21 ప్యాకులోంచి, 25 ప్లాన్‌లోంచి పోతాయి. ప్లాన్‌లో 15 మిగులుతుంది, అది బిల్లు రాత్రి నిల్వలో కలిసి 118 కాస్తా 133 అవుతుంది. అంకె సరిగ్గా అదే. అలా జరిగితే మీకు ఒక్క జీబీ నష్టం లేదు, అప్పీలు అనవసరం.

ఆ ప్యాకు చివర ఖర్చయ్యేలా పెట్టి ఉంటే మాత్రం కథ మారుతుంది. 40 ప్లాన్‌లోంచి పోతుంది. మిగతా 6 ప్యాకులోంచి పోయిందనుకున్నా, అందులోని 15 గడువుతో చెల్లిపోతుంది, నిల్వ 118 దగ్గరే ఉంటుంది. అది కూడా కాక నిల్వలోంచే ముందు తీస్తే 112కు దిగి, 21కి 21 పోతుంది. అందువల్ల సెప్టెంబరు 8 పొద్దున్న మూడు అంకెలూ రాసుకుని, రెండు జీబీ వాడి, సాయంత్రం ఏది తగ్గిందో చూడండి. వారి జవాబు వచ్చిన తేదీని దగ్గర పెట్టుకుంటే అప్పీలు గడువు అప్పటికి ఇంకా ఉంటుంది.

నాగావళి ఒడ్డు (ఆమదాలవలస) · సెప్టెంబరు 8, రాత్రి 10:20

ఈ రోజు ఉదయం రైలెక్కే ముందు ప్లాన్ 40, ప్యాకు 21, నిల్వ 113. పొందూరు దాటకముందే వీడియో పెట్టి, విశాఖ చేరేసరికి 2.2 జీబీ వాడాను. సాయంత్రం ఆరింటికి చూస్తే మూడు అంకెలూ ఉదయం ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఇప్పుడే మళ్లీ చూశాను. ప్యాకు 18.8 చూపుతోంది, మిగతా రెండూ కదలలేదు.